x + y ≤ 4 అనే కొత్త నిబంధన ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న అడిగినవారు: 3x + 2y ≤ 12, x + 2y ≤ 6 అనే నిబంధనలకు లోబడి 5x + 4y గరిష్ఠం కావాలి, x, y రుణేతర పూర్ణసంఖ్యలు. పూర్ణసంఖ్యలన్న షరతు పక్కన పెడితే x = 3, y = 1.5 దగ్గర విలువ 21 వస్తోంది. ఇక్కడ మా నోట్సులో x + y ≤ 4 చేర్చారు. లెక్కలో లేని నిబంధన చేరిస్తే అసలైన జవాబే పోదని నమ్మకమేమిటి?

పీజీ విద్యార్థి: భిన్నం పోవడమే ముఖ్యం కదండీ. y ≤ 1 అని పెట్టినా సరిపోతుంది.

లెక్చరర్: భిన్నం పోతుంది, నిజమే, కానీ దానితోపాటు (2, 2), (0, 3) కూడా పోతాయి. y ≥ 2 భాగాన్ని విడిగా సాధించే బ్రాంచింగ్‌లో అయితే y ≤ 1 సబబే, ఒంటరిగా మాత్రం కాదు. x + y ≤ 4 సంగతి వేరు. మీ రెండు నిబంధనలను కూడితే 4x + 4y ≤ 18, అంటే x + y ≤ 4.5 వస్తుంది; ఇది భిన్న బిందువులకూ వర్తిస్తుంది. x, y పూర్ణసంఖ్యలైతే మొత్తం కూడా పూర్ణసంఖ్యే కనుక 4 దాటలేదు. సరిచూసుకోండి: y విలువ 0, 1, 2, 3 అయినప్పుడు x గరిష్ఠంగా వరుసగా 4, 3, 2, 0. ఏ మొత్తమూ 4 దాటలేదు. తెగిపడింది (2, 2), (3, 1.5), (4, 0) శీర్షాలుగా ఉన్న సన్నని త్రిభుజం మాత్రమే, అది కూడా x + y = 4 అంచు మిగిలేలా. మళ్లీ సాధిస్తే (4, 0) దగ్గర 20 వస్తుంది. 1.5ను 1కి దించి (3, 1) తీసుకుని ఉంటే 19తో ఆగిపోయేవారు.

ప్రశ్న అడిగినవారు: రెండింటినీ కూడాలని ముందే ఎలా తెలుస్తుంది, సర్?

లెక్చరర్: ఊహించనక్కరలేదు. మిగులు చలరాశులు s, t అనుకుంటే, సింప్లెక్స్ చివరి పట్టికలో y వరుస y − s/4 + 3t/4 = 3/2 అని ఉంటుంది. s, t రుణేతరాలు కనుక గుణకాలను కింది పూర్ణసంఖ్యకు దించవచ్చు. అప్పుడు ఎడమవైపు పూర్ణసంఖ్యే కనుక కుడివైపునూ దించవచ్చు. y − s ≤ 1 వస్తుంది. s స్థానంలో 12 − 3x − 2y పెడితే 3x + 3y ≤ 13. దీన్ని ఇలాగే వదిలితే (10/3, 1) దగ్గర మళ్లీ భిన్నమే. ఎడమవైపు 3 గుణిజం కనుక 13ను 12కు దించితేనే మీ నోట్సులోని కోత దొరుకుతుంది. 1958లో గోమోరీ ప్రచురించిన పద్ధతి ఇదే.

ప్లానింగ్ ఉద్యోగి: మా లెక్కలో x ట్రిప్పులు, y టన్నులు. ఇదే చేరిస్తే లాభం 21 నుంచి 20కి పడిపోయింది.

లెక్చరర్: టన్నులకు సగం చెల్లుతుంది కదండీ! మీకు (3, 1.5) సరైన జవాబే, దాన్నే కోసేశారు. y పూర్ణసంఖ్య కాకపోతే కుడివైపు దించే మెట్టు చెల్లదు. మిశ్రమ లెక్కలకు కోతలు వేరుగా కట్టాలి.

పీజీ విద్యార్థి: మరి కోతలు ఎన్ని చేర్చాక ఆపాలి? నా లెక్కలో పదో కోతకు హద్దు కదలడమే మానేసింది.

లెక్చరర్: కోతలు దాదాపు సమాంతరంగా పడుతున్నాయేమో చూడండి. అలాంటప్పుడు నేనైతే బ్రాంచింగ్‌కు మళ్లుతాను. కచ్చితంగా ఎక్కడ మళ్లాలన్నది మాత్రం లెక్కను బట్టి మారుతుంది.