మైన్‌క్రాఫ్ట్ లైవ్ మొదలుపెడుతున్నా: మధ్యలో మాటలు ఆగిపోకుండా ఎలా ప్లాన్ చేసుకోవాలి?

కొత్తబ్లాక్ (వరంగల్)
అందరికీ నమస్తే. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. యూట్యూబ్‌లో తెలుగులో మైన్‌క్రాఫ్ట్ సర్వైవల్ లైవ్ పెట్టాలని ఉంది. పీసీ ఉంది, ఓబీఎస్ సెట్ చేసుకున్నా, నెట్ కూడా నిలకడగానే వస్తోంది. ప్రాక్టీస్ కోసం రికార్డ్ చేసి చూసుకుంటే, మొదట్లో గలగలా మాట్లాడుతున్నా గానీ గనిలోకి దిగగానే నోరు మూతపడుతోంది. చాట్‌లో ఎవరూ లేనప్పుడు ఏం మాట్లాడాలి? వారానికి ఎన్నిసార్లు పెట్టాలి? ఒక ఫార్మాట్ అంటూ ఉండాలా, ఊరికే ఆడుకుంటూ పోవచ్చా?

రవి_గేమ్‌ఆన్
బ్రో, రోజూ రాత్రి పెట్టు. ఒక్కరోజు మానేసినా జనం మర్చిపోతారు. ఇక మాటలంటావా, క్షణం కూడా ఆపకు. ఏం చేస్తే అది చెప్పు. "చెట్టు కొడుతున్నా, చెక్క వచ్చింది, బల్ల చేస్తున్నా" అంటూ పోతే గ్యాపే రాదు.

పద్మజ_పికాక్స్
పైకి మాట్లాడటం అలవాటు కావాలని రవి గారు అన్నది నిజమే. కానీ తెరమీద కనిపించేదే మళ్లీ చెబితే పది నిమిషాలకే మీకూ విసుగొస్తుంది, వినేవాళ్లకూ విసుగొస్తుంది. వాళ్లకి కనిపించనిది మీ ఆలోచన. "గొర్రెను కొడుతున్నా" అనకండి. "మంచానికి ఒకే రంగు ఉన్ని మూడు కావాలి, నా దగ్గర రెండే ఉన్నాయి. పొద్దు వాలిపోతోంది. ఆ కొండ దాటితే గొర్రెలు దొరకొచ్చు, కానీ తిరిగొచ్చేలోపు చీకటి పడుతుంది. వెళ్లనా, ఇక్కడే గుంత తవ్వుకుని దాక్కోనా?" అనండి. ఆ పని చేయబోయే ముందే అనాలి. అప్పుడు చూసేవాడు ఏమవుతుందా అని ఆగుతాడు.

ఫార్మాట్ ఉండాలి. మీది మైన్‌క్రాఫ్ట్ కాబట్టి ఆటలోనే గడియారం ఉంది, దాన్నే వాడుకోండి. ఆటలో ఒక రోజు అంటే మనకి 20 నిమిషాలు. తెల్లవారిన దగ్గర్నుంచి సుమారు పదిన్నర నిమిషాలకి మంచం మీద పడుకోవచ్చు, పడుకుంటే నేరుగా తెల్లారిపోతుంది. అంటే ప్రతి పదిన్నర నిమిషాలకి మీకు సహజంగా ఒక విరామం దొరుకుతుంది. లేవగానే మూడు మాటలు చెప్పండి: ఎక్కడున్నాం, నిన్న ఏం జరిగింది, ఇవాళ ఏం సాధించాలి. అప్పుడే వచ్చినవాడికి కథ అందుతుంది, మీకు కొత్త దారం దొరుకుతుంది. ఒక్కో లైవ్‌కి ఒకే లక్ష్యం పెట్టుకోండి. "ఇవాళ నెదర్ పోర్టల్ వెలిగించాలి" లాంటిది. టైటిల్‌లో కూడా అదే రాయండి.

కొత్తబ్లాక్
అక్కా, పైన తిరిగేటప్పుడు ఇది బాగుంది. నా ఇబ్బంది గనిలోనే. వజ్రాల కోసం వై -59 దగ్గర సొరంగం తవ్వుతుంటే నిర్ణయాలేమీ ఉండవు, ఒకటే తవ్వుడు. పడుకోవడం కూడా ఉండదు.

పద్మజ_పికాక్స్
కిందికి దిగే ముందే మాట సిద్ధం చేసుకోవాలి. నేను చేసేది చెప్తాను. దిగే ముందు కొలిమిలో 64 ముడి ఇనుము, ఎనిమిది బొగ్గులు వేస్తాను. ఒక్కో ఇనుప కడ్డీకి పది సెకన్లు పడుతుంది కాబట్టి మొత్తం కరగడానికి పది నిమిషాల నలభై సెకన్లు. బ్లాస్ట్ ఫర్నేస్ వాడితే సగం సమయంలోనే అయిపోతుంది, అందుకే లైవ్‌లో మామూలు కొలిమే వాడతాను. వేస్తున్నప్పుడే చాట్‌కి ఒక ప్రశ్న వేస్తాను: "ఈ ఇనుముతో ముందు కవచం చేయనా, బకెట్లు, పట్టాలు చేయనా? పైకొచ్చేలోపు చెప్పండి." తవ్వుతున్నంతసేపూ రెండు వైపులా వాదిస్తాను. కవచం లేకపోతే లావా పక్కన ఏమవుతుందో, బకెట్ ఉంటే అదే లావాను ఎలా దాటొచ్చో చెబుతాను. పైకొచ్చాక వచ్చిన జవాబులు చదువుతాను. ఒక్కరూ రాయకపోతే నేనే తేల్చి, ఎందుకో చెప్తాను.

ప్రశ్న ముందే వేయడానికి ఇంకో కారణం ఉంది. మీ మాట వాళ్లకి చేరి, వాళ్లు టైప్ చేసి, అది మీకు కనబడేసరికి కొన్ని సెకన్లు గడుస్తాయి. ప్రశ్న వేసి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ గ్యాప్ మీరు తెచ్చుకున్నదే.

రవి_గేమ్‌ఆన్
దానికెందుకు ఇంత? లేటెన్సీ సెట్టింగ్‌లో "అల్ట్రా లో" పెట్టేస్తే ఆలస్యమే ఉండదు.

పద్మజ_పికాక్స్
తగ్గుతుంది, పోదు. పైగా నెట్ కాస్త ఊగినా చూసేవాళ్లకి బఫరింగ్ వస్తుంది. మొదట్లో "లో లేటెన్సీ" పెట్టుకుంటే చాలు. టైప్ చేయడానికి వాళ్లకి పట్టే సమయాన్ని ఏ సెట్టింగూ తగ్గించదు.

సాయి_సెవెన్
నాదీ ఇదే సమస్య. ఫోన్‌లో బీజీఎంఐ లైవ్ పెడదామంటే యూట్యూబ్ యాప్ ఒప్పుకోవట్లేదు. ఏం చేయాలి?

పద్మజ_పికాక్స్
సాయి, ఇది వేరే సమస్య. ఫోన్ యాప్ నుంచి లైవ్ పెట్టాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. పీసీ నుంచి ఓబీఎస్‌తో అయితే ఆ షరతు లేదు. ఎవరైనా సరే, మొదటిసారి లైవ్ ఆన్ చేశాక 24 గంటల వరకు ఆగాల్సి రావచ్చు. కొత్తబ్లాక్, మీరు కూడా ముందురోజే ఆన్ చేసి పెట్టుకోండి.

డల్లాస్_బాబాయ్
నేను ఆడేవాడిని కాదు, మా పిల్లలతో కలిసి తెలుగు లైవ్‌లు చూసేవాడిని. టైమ్ గురించి ఒక మాట. అక్కడ శనివారం రాత్రి 9 అంటే మాకు వేసవిలో ఉదయం 10:30, గడియారాలు మారాక 9:30. పిల్లలకు ఇంట్లో తెలుగు వినపడే సమయం అదే. రోజూ పెట్టేవాళ్లని మేం ఫాలో కాలేం. ఏ రోజు వస్తారో తెలిస్తే మాత్రం కూర్చుంటాం. చెప్పిన టైమ్ దాటి అరగంటకి మొదలుపెట్టే ఛానళ్లను పిల్లలు వదిలేశారు.

రవి_గేమ్‌ఆన్
సరే బాబాయ్, మీ మాటా నిజమే. కానీ శనివారం రాత్రి అంటే ఐపీఎల్ సీజన్‌లో కష్టం. మ్యాచ్ 7:30కి మొదలైతే 11 దాకా ఇక్కడ ఎవరూ రారు. నేనైతే ఆదివారం పొద్దున అంటాను. ఇంకోటి, ఆ సొరంగం తవ్వకం లైవ్ బయట చేసేసి, సరుకు రెడీ చేసుకుని రావచ్చు కదా?

పద్మజ_పికాక్స్
రాళ్లు, చెక్క బయట తెచ్చుకుంటే తప్పులేదు, ముందే చెప్పేస్తే చాలు. వజ్రాలు మాత్రం లైవ్‌లోనే తవ్వాలంటాను. మొదటి వజ్రం దొరికిన క్షణం చూడటానికే చాలామంది కూర్చుంటారు.

రవి_గేమ్‌ఆన్
దాని కోసం నలభై నిమిషాలు గోడ చూపిస్తే వాళ్లు కూర్చోరు. ఇక్కడ నేను ఒప్పుకోను.

కొత్తబ్లాక్
రెండూ చేసి చూస్తాను. ఇప్పటికి రాసుకున్నది ఇది. బుధ, శని రెండు రోజులే, ఒక్కోటి గంటన్నర. మొదటి ఐదు నిమిషాల్లో పాత కథ, ఇవాళ్టి లక్ష్యం. తర్వాత పడుకున్నప్పుడల్లా మూడు మాటలు. గనిలోకి ఒక్కసారే, కొలిమిలో ఇనుము వేసి, ప్రశ్న వేసి. చివరి పది నిమిషాలు వచ్చేసారి ఏం చేద్దామో చాట్‌తో తేల్చుకోవడం. అసలు ఎక్కడ ఆగిపోతున్నానో ముందే తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?

పద్మజ_పికాక్స్
ఉంది. ఒకసారి అన్‌లిస్టెడ్‌గా పూర్తి గంటన్నర ఆడండి, అదే సమయంలో ఓబీఎస్‌లో రికార్డ్ కూడా చేయండి. మైక్, గేమ్ సౌండ్ వేర్వేరు ట్రాకుల్లో పెట్టండి. తర్వాత ఆ ఫైల్‌ని ఏదైనా ఎడిటర్‌లో తెరిస్తే మైక్ ట్రాక్‌లో మీరు మాట్లాడనిచోట గీత చదునుగా ఉంటుంది. క్రీపర్ బుస వినడానికి మూడు నాలుగు సెకన్లు ఆగితే పట్టించుకోకండి, అది ఆటలో ఉత్కంఠే. ఇరవై సెకన్లు దాటిన చదును కనిపిస్తే, అప్పుడు ఆటలో ఏం చేస్తున్నారో రాసుకోండి. పెట్టెలు సర్దుతున్నారా, క్రాఫ్టింగ్ చూస్తున్నారా, తవ్వుతున్నారా? చాలామందికి గని కంటే పెట్టెలు సర్దేటప్పుడే ఎక్కువ చదును వస్తుంది. అలా అయితే ఆ సర్దుడు లైవ్ బయటికి తీసేయొచ్చు.

డల్లాస్_బాబాయ్
శనివారం అంటున్నావు, ఎన్ని గంటలకో చెప్పు బాబూ. 9 అయితే పిల్లల్ని లేపుతా.

కొత్తబ్లాక్
9 అనే అనుకుంటున్నా బాబాయ్. ఐపీఎల్ వచ్చినప్పుడు రవి అన్న చెప్పిన ఆదివారం పొద్దునకి మార్చాలా అన్నది ఇంకా తేలలేదు. అప్పుడు మీకు శనివారం అర్ధరాత్రి అవుతుందేమో కదా?