ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరేందుకు రాజీనామా లేఖ: ఎలా రాస్తే తీసుకుంటారు?

హనుమకొండ స్టాఫ్ నర్సు:
అందరికీ నమస్కారం. నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది కాబట్టి రాజీనామా చేయాలి. నిన్న సాయంత్రమంతా కూర్చొని రాసిన లేఖను ఈ రోజు ఆఫీసులో ఇస్తే, కారణం చెప్పకుండానే "ఇలా కాదమ్మా, సరిగ్గా రాసుకురండి" అని వెనక్కి ఇచ్చేశారు. అప్పటి నుంచి ఇప్పటివరకు తిరగరాస్తూనే ఉన్నాను. క్లుప్తంగా రాస్తే కృతజ్ఞత లేనట్టు కనిపిస్తున్నది, మనసులో ఉన్నదంతా రాస్తే రెండు పేజీలు దాటుతున్నది. నేను ఇచ్చిన లేఖలో ముఖ్యమైన భాగం ఇది:

"ఈ ఆసుపత్రి నాకు తల్లిలాంటిది. డాక్టర్లందరికీ, సూపరింటెండెంట్ గారికి, తోటి సిస్టర్లకు, ఆయాలకు, సెక్యూరిటీ వారికి పేరుపేరునా కృతజ్ఞతలు. మిమ్మల్ని విడిచి వెళ్లడం ఎంతో బాధగా ఉన్నా, పై చదువుల నిమిత్తం తప్పనిసరి పరిస్థితుల్లో వెళ్లవలసి వస్తున్నది. కావున నన్ను వీలైనంత త్వరగా రిలీవ్ చేయవలసిందిగా ప్రార్థన."

ఇందులో లోపం ఏమిటో దయచేసి ఎవరైనా చెప్పండి.

ఖమ్మం నుంచి:
చివరి పని దినం ఏదో రాయలేదు. తేదీ లేని రాజీనామాను ఎవరూ తీసుకోరు.

ప్రభుత్వ ఆసుపత్రి సిస్టర్:
సిస్టర్, అసలు రాజీనామా ఎందుకు చేస్తున్నారు? ఉద్యోగం ఉంచుకొనే చదువుకోవచ్చు కదా. మా దగ్గర సర్వీసులో ఉన్నవారు అనుమతి తీసుకొని, సెలవు మంజూరు చేయించుకొని ఎమ్మెస్సీ పూర్తిచేసి, తిరిగి అదే పోస్టులో చేరుతున్నారు. నేను కూడా వచ్చే ఏడాది అలాగే వెళ్లాలనుకుంటున్నాను. దరఖాస్తు జిల్లా కార్యాలయం ద్వారా వెళ్లాలి కాబట్టి ఆరు నెలల ముందే పెట్టుకోవాలి. ఒకసారి రాజీనామా చేస్తే సీనియారిటీ అంతా పోతుంది, ఆలోచించుకోండి.

విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్:
అమ్మా, ఈ అమ్మాయి పనిచేసేది ప్రభుత్వ ఆసుపత్రిలో అనిపించడం లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్ల చదువుకు పోస్టు ఖాళీగా ఉంచే పద్ధతి నేనెక్కడా చూడలేదు. హనుమకొండ సిస్టర్, మీరు మూడు సంగతులు చెబితే గాని సమాధానం చెప్పలేము. మీ నియామక పత్రంలో నోటీసు గడువు ఎంత అని ఉంది? కళాశాలలో ఏ తేదీలోపు రిపోర్టు చేయాలి? మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉన్నాయి?

హనుమకొండ స్టాఫ్ నర్సు:
ప్రైవేటు ఆసుపత్రే మేడమ్. నోటీసు ఒక నెల. కళాశాలలో నవంబరు 28లోపు చేరాలని అలాట్‌మెంట్ ఆర్డరులో ఉంది. ఈ రోజు 4వ తేదీ. బీఎస్సీ సర్టిఫికెట్లు, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అన్నీ ఉద్యోగంలో చేరినప్పుడే ఆఫీసులో తీసుకున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నా ఖాతాలో 11 ఈఎల్‌లు కూడా మిగిలి ఉన్నాయి. ఆ 11 రోజులూ సెలవు పెట్టేస్తే సరిపోతుందని మా రూమ్‌మేట్ చెబుతున్నది.

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసే వ్యక్తి:
ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకోవడమన్నదే పెద్ద అన్యాయం. ఉద్యోగి చదువును తాకట్టు పెట్టుకొని పని చేయించుకోవడం ఏ పద్ధతి? చూసుకోవడానికి ఒరిజినల్స్, ఫైల్లో ఉంచుకోవడానికి నకళ్లు, అంతవరకే ఉండాలి. ఇలాంటి చోట్ల నర్సులు కలిసికట్టుగా లేబర్ ఆఫీసుకు వెళ్లకపోతే ఈ అలవాటు పోదు. లేఖలోనే ఈ విషయం గట్టిగా రాయండి సిస్టర్, భయపడవద్దు.

విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్:
మీ ఆవేదన న్యాయమైనదే బాబూ, కాని రాజీనామా లేఖ ఆ మాట చెప్పే చోటు కాదు. ఆ లేఖ ఆమె ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది. రేపు ఏ సంస్థ అయినా ఆమె అనుభవం నిజమేనా అని రాసి అడిగితే ఆఫీసువాళ్లు తెరిచేది ఆ ఫైలే. ఒరిజినల్స్ తిరిగి ఇప్పించమని ఒక్క వాక్యం మర్యాదగా రాస్తే, అవి వారి దగ్గర ఉన్నాయన్నది కూడా రాతపూర్వకంగా నమోదవుతుంది. ఇవ్వకపోతే అప్పుడు వేరే ఫిర్యాదు రాయవచ్చు.

ఇక అసలు చిక్కు తేదీల దగ్గర ఉంది. సిస్టర్ రేపు, అంటే 5న లేఖ ఇస్తే, మరుసటి రోజు నుంచి 30 రోజులు లెక్కించినప్పుడు నోటీసు డిసెంబరు 5న పూర్తవుతుంది. కళాశాలలో చేరవలసిన చివరి రోజు నవంబరు 28. అంటే 28 నుంచి 5 వరకు 8 రోజులు తక్కువ పడుతున్నాయి. రూమ్‌మేట్ చెప్పినట్టు ఆ 8 రోజులకు ఈఎల్ పెడితే డబ్బు పోదు, నిజమే. కాని అప్పుడు మీరు డిసెంబరు 5 వరకు ఆసుపత్రి రోల్స్‌లో ఉన్నట్టే, అనుభవ ధ్రువపత్రంలో కూడా అదే తేదీ పడుతుంది. కళాశాల రికార్డులో మాత్రం నవంబరు 28 నుంచే రెగ్యులర్ విద్యార్థిని. ఒకే వారంలో ఉద్యోగినిగానూ విద్యార్థినిగానూ కనిపించే కాగితాలను, రేపు ట్యూటర్ పోస్టుకో విదేశీ రిజిస్ట్రేషనుకో సమర్పించినప్పుడు, ఎవరో ఒకరు తప్పక ప్రశ్నిస్తారు. ఎమ్మెస్సీ చదివినవారు ఈ కాగితాలను జీవితమంతా చూపించవలసి ఉంటుంది.

కాబట్టి అడగవలసింది సెలవు కాదు. నవంబరు 27న పూర్తిగా రిలీవ్ చేయమని అడగండి. తక్కువైన 8 రోజులకు మీకు రావలసిన ఈఎల్ డబ్బును సర్దుబాటు చేయమని కోరండి. ఇది వారి ఇష్టం మీద ఆధారపడినది, మీ హక్కు కాదు. అందుకే ఒప్పుకోకపోతే నోటీసు జీతం కడతానని కూడా అదే వాక్యంలో రాయాలి. అలా రాస్తే వారికి కాదనడానికి పెద్దగా కారణం ఉండదు.

కృతజ్ఞత గురించి బాధపడకండి. పేర్ల జాబితా రాస్తే మరిచిపోయిన ఒక్కరికి మనసు నొచ్చుకుంటుంది, చదివే అధికారికి అందులో ఏమీ తగలదు. అక్కడ మీరు నిజంగా నేర్చుకున్న ఒక పని పేరు చెప్పి దానికి కృతజ్ఞత చెప్పండి. మీ ఐసీయూలో ఏం నేర్చుకున్నారు?

హనుమకొండ స్టాఫ్ నర్సు:
వెంటిలేటర్ మీద ఉన్నవారిని చూసుకోవడం మేడమ్. చేరినప్పుడు సక్షన్ చేయాలంటే చేతులు వణికేవి. సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి, సక్షన్‌కు ముందు ఆక్సిజన్ పెంచడం, సాచురేషన్ మీద ఒక కన్ను వేసి ఉంచడం, క్యాథెటర్‌ను ఎక్కువసేపు లోపల ఉంచకుండా బయటికి తీయడం నేర్పారు.

విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్:
అదే రాయండి. సక్షన్ వివరాలు అవసరం లేదు, వెంటిలేటర్ అన్న మాట చాలు. ఇలా ఉంటే బాగుంటుంది:

"గౌరవనీయులైన నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

విషయం: ఉన్నత విద్య నిమిత్తం స్టాఫ్ నర్సు ఉద్యోగానికి రాజీనామా.

మేడమ్,

ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న నాకు ఎమ్మెస్సీ నర్సింగ్‌లో ప్రవేశం లభించినందున, నా ఉద్యోగానికి రాజీనామా సమర్పిస్తున్నాను. నవంబరు 28లోపు కళాశాలలో చేరవలసి ఉన్నది కాబట్టి, నవంబరు 27ను నా చివరి పని దినంగా పరిగణించి, ఆ రోజు విధుల నుంచి రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను. నోటీసు గడువులో తక్కువైన 8 రోజులకు నా ఈఎల్ మొత్తాన్ని సర్దుబాటు చేయగలరని, అది వీలుకాని పక్షంలో నియామక పత్రంలోని నిబంధన ప్రకారం నోటీసు జీతం చెల్లిస్తానని మనవి.

వెంటిలేటర్‌పై ఉన్న రోగుల సంరక్షణను ఇక్కడి సీనియర్ సిస్టర్ల పర్యవేక్షణలోనే నేర్చుకున్నాను. ఆ అవకాశం కల్పించిన ఆసుపత్రికి కృతజ్ఞురాలిని.

రిలీవ్ అయ్యేలోపు నా బాధ్యతలను ఐసీయూ ఇన్‌చార్జి సిస్టర్‌కు అప్పగిస్తాను. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రంతోపాటు, ఉద్యోగంలో చేరినప్పుడు సమర్పించిన ఒరిజినల్ సర్టిఫికెట్లను ఇప్పించగలరు.

జతపరచినది: సీటు అలాట్‌మెంట్ ఆర్డరు నకలు."

కింద సంతకం, పూర్తి పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీ. రెండు కాపీలు తీసుకువెళ్లి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, అందిన తేదీ వేయించుకోండి. లేఖ మీద మీరు వేసిన తేదీని కాదు, ఆ ముద్ర మీద ఉన్న తేదీనే లెక్కలోకి తీసుకుంటారు.

ఖమ్మం నుంచి:
"సమర్పిస్తున్నాను" సరైన మాట. "చేయదలచాను" అని రాయకండి, ఇంకా నిర్ణయించుకోలేదని పక్కన పెడతారు.

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసే వ్యక్తి:
లేఖ బాగుంది, కాని ఒక అభ్యంతరం. నియామక పత్రంలో "ఒక నెల" అని ఉంటే 30 రోజులని లెక్కించకూడదు. 5న అందితే వచ్చే నెల 4తో నెల పూర్తవుతుంది, కాబట్టి తక్కువైనవి 7 రోజులే. ఒక రోజు జీతం ఊరికే ఎందుకు వదులుకోవాలి? నోటీసు జీతాన్ని బేసిక్ మీద లెక్కిస్తారో మొత్తం జీతం మీద లెక్కిస్తారో కూడా నియామక పత్రంలో చూసుకోండి, ఆ తేడా ఒక్క రోజు తేడా కంటే ఎక్కువే ఉంటుంది.

విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్:
లేఖ అందిన రోజును లెక్కలో కలపాలా వద్దా అన్నదాన్ని ఒక్కొక్క ఆసుపత్రి ఒక్కొక్క విధంగా చూస్తుంది. నేను పనిచేసిన చోట కలిపేవాళ్లం కాదు. కావాలంటే "8 రోజులకు" అన్నచోట "తక్కువైన రోజులకు" అని రాస్తే వాదన ఉండదు.

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసే వ్యక్తి:
అంకె లేకపోతే వాళ్లకు నచ్చిన అంకె వేస్తారు మేడమ్. నా మాట 7 దగ్గరే.

పీఎఫ్ సంగతులు తెలిసినవారు:
అందరూ లేఖ గురించే మాట్లాడుతున్నారు, పీఎఫ్ గురించి ఎవరూ చెప్పడం లేదు. ఉద్యోగం మానేసిన తరువాత ఆసుపత్రి వారు పోర్టల్‌లో నిష్క్రమణ తేదీ నమోదు చేయాలి. చేయకపోతే, చివరి చందా జమ అయిన నెల నుంచి రెండు నెలలు గడిచాక మీ యూఏఎన్‌తో మీరే నమోదు చేసుకోవచ్చు. ఆ తేదీ కూడా నవంబరు 27 కావాలి, లేకపోతే పైన మేడమ్ చెప్పిన చిక్కే మళ్లీ వస్తుంది. ఆ డబ్బును వెంటనే తీసేయకండి, చదువు ముగిశాక కొత్త ఉద్యోగంలోకి బదిలీ చేసుకోవడమే మేలు.

ప్రభుత్వ ఆసుపత్రి సిస్టర్:
ఐసీయూ కాబట్టి ఒక మాట. నార్కోటిక్ రిజిస్టరులో ఆంప్యూల్ల లెక్క, క్రాష్ కార్ట్ చెక్‌లిస్ట్ ఇన్‌చార్జి సిస్టర్ ఎదురుగా సరిచూసి, ఇద్దరి సంతకాలు పెట్టుకోండి. మా దగ్గర ఒక సిస్టర్ నో డ్యూస్ ఫారమ్ ఒక్క లాకర్ తాళంచెవి దొరకక ఆగిపోయింది.

హనుమకొండ స్టాఫ్ నర్సు:
లేఖ తీసుకున్నారు, రెండో కాపీ మీద 5వ తేదీ ముద్ర కూడా వేశారు. 8 అనే రాశాను. ఒరిజినల్స్ నో డ్యూస్ పూర్తయిన రోజే ఇస్తామన్నారు, ఈఎల్ సర్దుబాటు సంగతి అకౌంట్స్ వాళ్లను అడిగి చెబుతారట. అందరికీ ధన్యవాదాలు, నైట్ డ్యూటీకి వెళ్తున్నాను.

హెచ్.ఆర్. విభాగంలో పనిచేసే వ్యక్తి:
నోటీసు జీతం బేసిక్ మీదా, మొత్తం మీదా? అది చూశారా సిస్టర్?