పారశీక సంతాప లేఖను తెలుగులో ఎలా రాయాలి? ఉదయానికల్లా కావాలి

ఉప్పుటేరు: రాత్రి పదింటికి కూర్చున్నాను, రెండు దాటింది. మా తమ్ముడి స్నేహితుడు ఇరాన్‌లోని షిరాజ్ ఊరి అబ్బాయి. మా నాన్నకి ఉత్తరం పంపాడు. తమ్ముడు అతనితో చదివించుకుని మన లిపిలో రాసి పంపాడు:

"పెదర్ జాన్, తస్లియత్ అర్జ్ మీకొనమ్. ఘమె ఆఖరెతాన్ బాషద్. హర్చె ఖాకె ఆన్ మర్హూమె అస్త్, ఒమ్రె షొమా బాషద్. జాయెషాన్ ఖాలీస్త్. ఖుర్బానె షొమా."

మాటకి మాట పెడితే నాకు వచ్చింది ఇది: "ప్రాణ తండ్రీ, ఓదార్పు సమర్పిస్తున్నాను. ఇదే మీ చివరి దుఃఖం కావాలి. ఆ పోయినవారి మట్టి ఎంతో మీ వయసు అంత కావాలి. వారి చోటు ఖాళీగా ఉంది. మీకు బలి." శాపం పెట్టినట్టుంది. ఆ అబ్బాయి ఎంత ప్రేమగా రాశాడో నాకు తెలుసు. ఎవరైనా చెప్పండి.

పదకోశం: ఇందులో సగం మన మాటలే చూడండి. అర్జ్ అంటే మన అర్జీ, ఖాలీ అంటే ఖాళీ. రోజు, దరఖాస్తు, జమీందారు, అన్నీ పారశీకం నుంచి వచ్చినవే. కాబట్టి "సంతాపం మనవి చేసుకుంటున్నాను" అని రాయండి, మూలానికి దగ్గరగా ఉంటుంది.

కృష్ణలంక: అర్జ్, ఖాలీ అరబీ మాటలు, పారశీకం మీదుగా మనకొచ్చాయి. ఆవిడ అడిగింది అది కాదు.

పాతబస్తీ మాస్టారు: అమ్మా, పోయినవారు ఎవరో చెప్పలేదు. "మర్హూమె" తర్వాత "అస్త్" ఉంది కాబట్టి స్త్రీ అనుకుంటున్నాను. వాడుక భాషలో అయితే ఆ చివరి "ఎ" ఒక్కటే "అస్త్" పని చేస్తుంది, అప్పుడు మగవారైనా కావచ్చు. ఇంకో రెండు సంగతులు కావాలి: ఖననం చేశారా, దహనమా? ఉత్తరం నాన్నగారు తనే చదువుకుంటారా, నలుగురిలో ఎవరైనా చదువుతారా?

ఉప్పుటేరు: అయ్యో, చెప్పనేలేదు. మా నానమ్మ. దహనం చేశాం. రేపు పెద్దకర్మ, భోజనాలకు ముందు నేను చదవాలి.

సంపెంగ: మా మామగారు పోయినప్పుడు అందరూ "స్వర్గీయ" అని రాశారు. ఇక్కడా "స్వర్గీయ నానమ్మగారు" అనండి, గౌరవంగా ఉంటుంది.

పాతబస్తీ మాస్టారు: మర్హూమె అంటే దేవుడి దయ పొందినవారు. రాసిన అబ్బాయి స్వర్గీయ అనలేదు. "నానమ్మగారు" అంటే చాలు, గౌరవం "గారు"లోనే ఉంది.

ఇక మిగతావి. "జాన్" ప్రాణమే, కానీ పిలుపులో అది ఆప్యాయత. స్నేహితుడి తండ్రిని "పెదర్ జాన్" అన్నాడంటే మనకు "నాన్నగారూ" అవుతుంది. "అర్జ్" అతని వినయం. దాన్ని క్రియలో కాకుండా పిలుపులోనూ ముగింపులోనూ చూపిద్దాం. "ఘమె ఆఖరెతాన్" దగ్గరే పెద్ద ప్రమాదం. "ఇదే మీ చివరి దుఃఖం" అంటే మనవాళ్లకి "ఆ తర్వాత మీరూ ఉండరు" అని వినిపిస్తుంది. అతని మనసులో ఉన్నది, ఇక ఈ ఇంట్లో ఇంకో చావు చూడకూడదని. "ఖాక్" అంటే సమాధి మీది మట్టి. అందులో రేణువులెన్నో అన్నేళ్లు మీరు బతకాలని దీవెన. దహనం చేసిన ఇంట్లో మట్టి మాట పొసగదు. "ఖుర్బానె షొమా" ఉత్తరం చివర రోజూ రాసే మాట, బలి అనుకోకండి.

"నాన్నగారికి నమస్కారాలు. మీ దుఃఖంలో నేనూ ఉన్నాను. ఇక మీ ఇంట ఇలాంటి కష్టం రాకూడదు. నానమ్మగారి ఆయుష్షు కూడా పోసుకుని మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి. ఆవిడ లేని ఇల్లు వెలితిగా ఉంటుందని తెలుసు. మీ బిడ్డలాంటివాడు."

కృష్ణలంక: పోయినావిడ ఆయుష్షు ఎలా పోసుకుంటారు? అయిపోయిందిగా.

పాతబస్తీ మాస్టారు: నిజమే. "ఆవిడ దీవెనతో నిండు నూరేళ్లు" అని మార్చండి.

పదకోశం: మట్టి తీసేస్తే అది ఆ అబ్బాయి ఉత్తరం కాదు. షిరాజ్ వాడు షిరాజ్ వాడిలా వినిపించాలి. "మా ఊళ్లో ఇలా దీవిస్తాం" అని ఒక ముక్క కలిపి అలాగే ఉంచవచ్చు కదా.

సంపెంగ: పెద్దకర్మ నాడు మట్టి మాటా? మా అత్తగారైతే లేచి వెళ్లిపోయేవారు.

పాతబస్తీ మాస్టారు: పదకోశంగారి మాటలో న్యాయముంది. నాన్నగారి చేతికిచ్చే కాపీలో ఉంచవచ్చు, బయటికి చదివేదాంట్లో వద్దంటాను.

పదకోశం: రెండు కాపీలు రెండు రకాలుగా ఉంటే ఏది అసలుదనుకోవాలి?

ఉప్పుటేరు: నాన్న లేచారు, వంటవాళ్లు వచ్చేశారు. "దీవెనతో" అన్నదే రాసుకున్నాను. "బిడ్డలాంటివాడు" అన్నచోట నాకే గొంతు పట్టేసింది. మట్టి సంగతి ఆ అబ్బాయినే అడుగుతాను. ధన్యవాదాలు మాస్టారూ.

సంపెంగ: "జాయెషాన్ ఖాలీ" అని శుభకార్యాల్లోనూ అంటారని విన్నాను, నిజమేనా?