పక్క పోర్షన్‌ల రాత్రి హోమ్ థియేటర్ మోత, లొల్లి కాకుండా ఎట్ల చెప్పాలె?

కొండమల్లి, మిర్యాలగూడ

మాది రెండు పోర్షన్ల ఇల్లు, ఇద్దరం కిరాయికే ఉంటున్నం. మధ్యల ఒకటే గోడ. పక్క పోర్షన్ తమ్ముడికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దుకాణం బంద్ చేసి పదిన్నరకు ఇంటికొస్తడు, తిని పదకొండుకు హోమ్ థియేటర్ పెడతడు. పన్నెండున్నర దాంక దబ్ దబ్ అని మోత. మా ఆయనది రైస్ మిల్లుల పొద్దుటి షిఫ్టు, నాలుగున్నరకే లేవాలె. అత్తమ్మకు బీపీ. ఇప్పటిదాంక మేమేమీ అనలేదు. మొన్న రాత్రి మా ఆయన తలుపు కొట్టి అడుగుతనని లేస్తే నేనే ఆపిన. కోపమొస్తే ఆయన మాట ఆగదు. ఆ తమ్ముడు చెడ్డోడేం కాదు. వాళ్ళావిడ, నేను నల్లా కాడ రోజూ మాట్లాడుకుంటం. ఆ మాట చెడిపోవద్దు, మాకు నిద్ర కావాలె. ఎట్ల అడగాలె?

దేవరకొండ లా స్టూడెంట్

అక్కా, అడుగుడెందుకు? రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాంక పాటలు పెట్టుడే నేరం. 2000ల వచ్చిన శబ్ద కాలుష్య నియమాలల్ల ఉంది. 100కు ఫోన్ కొట్టండి, వచ్చి సెట్టు పట్టుకపోతరు.

రామగిరి సారు, నల్లగొండ

తమ్మీ, పది నుంచి ఆరు అన్న మాట సరే. కానీ ఇంట్ల పెట్టుకునే సెట్టు సంగతి కొలత మీద నడుస్తది. ఇళ్ళుండే ప్రాంతంల రాత్రి హద్దు 45 డెసిబెల్స్. సొంత సెట్టు మోత ఆ ఇంటి హద్దు కాడ దానికంటె 5కు మించి పెరగొద్దు. రాత్రి పూట అది కొలిచేదెవరు? పోలీసులొస్తే చాలాసార్లు చెప్పి పోతరు. తెల్లారి నల్లా కాడ మొఖాలు చూసుకోవాల్సింది ఈ అమ్మాయే. ఆ దారి ఎప్పుడూ ఉంటది, మొదటి మాటకు మాత్రం కాదు.

మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్

మా బాధ కూడా ఇదే. మా ఇంటెనక ఫంక్షన్ హాల్‌ల డీజే పెడితే కిటికీ అద్దాలు అదురుతయి. ఎవరికి చెప్పాలె?

పాలమూరు మైక్‌సెట్

అన్నా, మీది వేరే లెక్క. ఫంక్షన్ హాల్‌కు ఓనరు, మేనేజరు ఉంటరు, అక్కడ రాతల అర్జీ పెట్టాలె. ఇక్కడ గోడ పంచుకున్న మనిషి, రోజూ చూసుకునే మొఖం.

అక్కా, నేను ఏండ్ల నుంచి సౌండ్ సెట్లు కిరాయికిస్తున్న. ముందుగాల ఒకటి చూడండి. రాత్రి మోత వచ్చినప్పుడు మీకు పాటల మాటలు వినబడుతున్నయా, దబ్ దబ్ ఒక్కటే వినబడుతున్నదా? మాటలు స్పష్టంగ వినబడితే సౌండు కిటికీల నుంచో వెంటిలేటర్ నుంచో వస్తున్నట్టు. దబ్ దబ్ ఒక్కటే అయితే అది ఊఫర్. గోడకు అరచేయి ఆనిస్తే అదురు తెలుస్తది.

కొండమల్లి, మిర్యాలగూడ

మాటలేమీ తెల్వయి, ఒట్టి దబ్ దబ్. అరలల్ల స్టీలు గిన్నెలు గణగణమంటయి.

పాలమూరు మైక్‌సెట్

అయితే ఊఫరే. ఆ డబ్బా మీ గోడ మూలకు, కింద బండల మీద పెట్టి ఉంటడు. మూలకు పెడితే బేసు ఇంకా పెరుగుతది, బండలు, గోడ పట్టుకొని మీ దిక్కు వస్తది. అతనికి తన గదిల అంత మోత ఉన్నట్టే అనిపించకపోవచ్చు. అందుకే "సౌండు తగ్గియ్యి" అంటే పాట వాల్యూం రెండు గీతలు తగ్గిస్తడు, ఊఫర్ అట్లనే కొడుతది. మీరేమో చెప్పినా వినడనుకుంటరు, అతనేమో తగ్గించినా సతాయిస్తున్నరనుకుంటడు. నేను చూసిన పంచాయతీలల్ల చానా మటుకు ఇక్కడనే మొదలైనయి.

ఇట్ల చేయండి. పాట మోగుతుండంగ పోవద్దు. ఆయితారం పొద్దుగాల, అతను తీరుబడిగ ఉన్నప్పుడు, అత్తమ్మను తోలుకొని పోండి. "తమ్మీ, నీ పాట మాకు వినబడదు, ఊఫర్ ఒక్కటే గోడల నుంచి వస్తున్నది. మీ అన్న నాలుగున్నరకు లేస్తడు. ఒక్కసారి మా గదికొచ్చి వింటవా?" అనండి. అతను మీ మంచం కాడ నిలబడాలె, వాళ్ళావిడ అక్కడ రాత్రి పెట్టే అంత పెట్టాలె. తన చెవితో విన్నంక వాదన ఉండదు. ఆ తర్వాత డబ్బాను మీ గోడ నుంచి తీసి అవతలి గోడ దిక్కు, మూల విడిచి పెట్టమనండి. కింద మందం రబ్బరు మ్యాటు వెయ్యాలె. ఇంకా వస్తే బేసు గుండీ తగ్గించుకుంట పోండి. మీ గదిల దబ్ దబ్ ఆగిన కాడ పెన్నుతోని గీత పెట్టమనండి. పది దాటితే ఆ గీత దాటొద్దు, అంతే ఒప్పందం.

ఫోన్‌ల డెసిబెల్ యాప్ చూపించొద్దు. ఆ లెక్కల బేసు తక్కువ పడుతది. నలభై చూపిస్తే "హద్దుల్నే ఉన్న కదా" అంటడు, మీ మాట అక్కడనే పడిపోతది.

రామగిరి సారు, నల్లగొండ

ఒక్క మాట కలుపుత. "గల్లీల అందరూ అనుకుంటున్నరు" అనొద్దమ్మా. ఎవరెవరని అడుగుతడు, ఊరంత తన మీద పడ్డదనుకుంటడు. మీ ఇంటి సంగతే చెప్పుకోండి. ఇంటి ఓనరుకు కూడా ముందుగాల చెప్పొద్దు. కిరాయి ఇల్లు కదా, ఖాళీ చేయిస్తున్నరని భయపడితే మాట బిగుసుకపోతది.

చిట్యాల అక్క

నేనైతే నల్లా కాడ వాళ్ళావిడకే చెప్త. ఆడోళ్ళం ఆడోళ్ళం మాట్లాడుకుంటే సగం పని అయిపోతది.

రామగిరి సారు, నల్లగొండ

ఆమె పోయి మొగనికి ఎట్ల చెప్తదో మన చేతుల ఉండదు కదమ్మా. "పక్కోళ్ళు గులుగుతున్నరు" అని చేరితే?

చిట్యాల అక్క

సారూ, మొగోళ్ళ దగ్గరకు పోయి చెప్పుడు అందరు ఆడోళ్ళకు అంత అలక కాదు. మా దిక్కు ఇట్లనే నడుస్తది, మంచిగనే నడిచింది.

కొండమల్లి, మిర్యాలగూడ

వారమైంది, ఏమైందో చెప్త. ఇద్దరి మాటా విన్న. శనివారం నల్లా కాడ వాళ్ళావిడతోని "రేపు తమ్ముడు ఉన్నప్పుడు అత్తమ్మ, నేను ఒక్కసారి వస్తం" అని మాత్రం అన్న. ఆయితారం పోయినం. అతను మా గదికొచ్చి విన్నడు. గిన్నెల మోత వినంగనే "వదినా, ఇంత వస్తదని నాకు తెల్వదు" అన్నడు. డబ్బా నిజంగనే మా గోడ మూలకు ఉంది. అవతలి దిక్కు జరిపిండు. రబ్బరు మ్యాటు దొరకలేదు, పాత బొంత మడిచి కింద వేసిండు. అప్పటికి సగం తగ్గింది. బేసు సగానికంటె కింద పెడితే పూర్తిగ ఆగింది, అక్కడ గీత పెట్టిండు. పాట మాత్రం పన్నెండు దాంక వింటనన్నడు, దుకాణం నుంచి వచ్చినంక అదొక్కటే తనకు తీరుబడి అని. సరే అన్నం.

మా ఆయన నిద్రపోతున్నడు. కానీ శుక్రవారం దోస్తులొచ్చిండ్రు, గీత దాటింది, ఒంటిగంట దాంక నడిచింది. ఇప్పుడు మల్ల పోవాల్నా?

పాలమూరు మైక్‌సెట్

బొంత ఒత్తుకపోతది అక్కా, బేసుకు అది ఆగదు. నాలుగు మూలలకు నాలుగు రబ్బరు ముక్కలు పెట్టమనండి, స్కూటర్ టైరు ముక్కలైనా నడుస్తయి.

దోస్తుల సంగతికొస్తే, ఒక్కరోజు దాటితే పోవద్దు. మల్ల దాటితే ఆ రాత్రే, పాట మధ్యల, "తమ్మీ, గీత" అని ఫోన్‌ల రెండు మాటలు రాయండి. తలుపు కొట్టొద్దు. దోస్తుల ముందర మాట పడ్డ మనిషి ఒప్పుకోడు.

చిట్యాల అక్క

రాయకండి. దోస్తులు ఫోన్ చూస్తే అదీ అంతే కదా. తెల్లారి చెప్పండి.

దేవరకొండ లా స్టూడెంట్

రాసి పెట్టుకుంటే రేపు అర్జీ పెట్టాల్సొస్తే తారీఖులు ఉంటయి అక్కా. అతనికి పంపకున్నా, మీ నోట్‌బుక్‌ల మాత్రం రాసుకోండి.

కొండమల్లి, మిర్యాలగూడ

తారీఖు రాసుకుంటున్న. రబ్బరు ముక్కలు మా ఆయన మిల్లు నుంచి తెస్తనన్నడు, ఈ ఆయితారం ఆయననే పోయి ఇచ్చొస్తడట. శుక్రవారం మాట అప్పుడు తీయాల్నా వద్దా అన్నది ఇంకా అనుకోలేదు.