పనీర్ తేటను మరిగిస్తే ఏమీ రావట్లేదు, ఎందుకు?

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. 2 లీటర్ల బర్రె పాలు పొంగొచ్చాక 10 నిమిషాలు మరగనిచ్చి, నిమ్మరసంతో విరగ్గొట్టి పనీర్ తీస్తున్నా. పనీర్ బాగానే వస్తోంది. మిగిలిన తేటలో వే ప్రోటీన్ ఉంటుంది కదా అని దాన్ని 90 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి వడగట్టా. గుడ్డలో చెంచాడు కూడా మిగల్లేదు. ఇంకో చెంచా నిమ్మరసం పోసినా, రాత్రంతా చల్లారనిచ్చినా అంతే.

పోయిన ఆదివారం పచ్చిపాలనే 40 డిగ్రీల దగ్గర వెనిగర్‌తో విరగ్గొట్టి చూశా. ఆ తేట మాత్రం 80 దాటగానే మసకబారి, సన్నటి తెల్ల నలుసులు పైకి తేలాయి!

పాలలోని ఇంకో ప్రోటీన్ కేసిన్ వేడికి తట్టుకుని పులుపుకు పేరుకుంటుంది. వే ప్రోటీన్ పులుపుకు కరిగే ఉంటుంది, 70 డిగ్రీలు దాటితే విచ్చుకుంటుంది. మరిగిన పాలలో అది అప్పుడే కేసిన్‌కు అతుక్కుని, పనీర్‌తో పాటే దిగిపోతోందని నా అనుమానం. కానీ పచ్చిపాల పనీర్ పిల్లలకు పెట్టలేను.

పాలలో క్రిములు చావాలి, వే ప్రోటీన్ మాత్రం తేటలోనే మిగలాలి. అందుకు పాలను ఎన్ని డిగ్రీల దగ్గర ఎంతసేపు ఉంచాలి?