బజారు కథలో “జాతీ హై” ఒక్కటే చాలునా, “జా రహీ హై” కూడా కలపాలా?

పలకాబలపం: హిందీ అప్పుడే మొదలుపెట్టిన తెలుగువారి కోసం బజారుకు వెళ్లడం గురించి ఒక చిన్న కథ రాస్తున్నాను. కథంతా వర్తమాన కాలంలోనే ఉంటుంది, చివర పదాల పట్టిక ఇస్తాను. “మీనా బాజార్ జాతీ హై” అని మొదలుపెట్టి, “మీనా దుకాన్‌దార్ కో పూఛ్‌తీ హై” అని కొనసాగించాను. అంతటా ఇదే రూపం వాడాలా, లేక “జా రహీ హై” కూడా కలపాలా?

కొత్తవంతెన: కలపడం కాదు, అసలు “జా రహీ హై” ఒక్కటే వాడాలని నా అభిప్రాయం. “జాతీ హై” అంటే రోజూ వెళ్లే అలవాటు. మీ కథలో మీనా ఇప్పుడే, మన కళ్ల ముందే వెళ్తోంది కదా! అలవాటును చెప్పే రూపంతో జరుగుతున్న సంఘటనను చెబితే, పాఠకుడికి మొదటి రోజే తప్పు నేర్పినట్లవుతుంది.

వర్ణక్రమం: కొత్తవంతెన గారు చెప్పినది సంభాషణకు వర్తిస్తుంది గాని కథనానికి వర్తించదు. ఒక సంఘటన తరువాత మరొకటి చెప్పుకుంటూ పోయేటప్పుడు, నాటకంలో రంగ సూచనలు రాసినట్లుగా, హిందీలో “మీనా జాతీ హై, రుక్‌తీ హై, పూఛ్‌తీ హై” అనడం పూర్తిగా సహజమే. అదే వరుసను “జా రహీ హై, రుక్ రహీ హై, పూఛ్ రహీ హై” అని రాస్తే పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతున్నట్లు ఉండదు, అన్నీ ఒకేసారి సాగుతున్నట్లు ఉంటుంది.

తెలుగువారికి అసలు చిక్కు మరోచోట ఉంది. మన “వెళ్తుంది” రోజూ వెళ్లడానికీ సరిపోతుంది, రేపు వెళ్లడానికీ సరిపోతుంది. అందువల్ల “జాతీ హై”కి పట్టికలో “వెళ్తుంది” అని మాత్రమే అర్థం రాస్తే, విద్యార్థి “రేపు వెళ్తుంది” అనడానికి కూడా “కల్ జాతీ హై” అంటాడు. అక్కడ రావలసినది “జాయేగీ”. కాబట్టి పట్టికలో క్రియను ఒంటరిగా ఇవ్వకుండా “రోజ్ జాతీ హై, రోజూ వెళ్తుంది” అన్నట్లు ఒక ఆసరా మాటతో ఇవ్వండి.

“రహీ” రూపాన్ని ఒకే ఒక్క చోట, ఎవరో ఫోనులో అడిగినప్పుడు మాత్రమే తీసుకురండి. ఒక నమూనా రాస్తున్నాను. ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చినా, మీ కథలో నాగరి లిపినే ఉంచండి.

“మీనా బాజార్ జాతీ హై. ఉస్‌కే హాథ్ మేఁ ఏక్ థైలీ హై. వహ్ సబ్జీ కీ దుకాన్ పర్ రుక్‌తీ హై. వహ్ దుకాన్‌దార్ సే పూఛ్‌తీ హై, ‘టమాటర్ కిత్‌నే రుప్‌యే కిలో హైఁ?’ దుకాన్‌దార్ కహ్‌తా హై, ‘తీస్ రుప్‌యే కిలో. టమాటర్ సస్తే హైఁ, భిండీ మహఁగీ హై.’ మాఁ కా ఫోన్ ఆతా హై. మాఁ పూఛ్‌తీ హై, ‘తుమ్ క్యా కర్ రహీ హో?’ మీనా కహ్‌తీ హై, ‘మైఁ సబ్జీ ఖరీద్ రహీ హూఁ.’ ఫిర్ వహ్ దుకాన్‌దార్ సే కహ్‌తీ హై, ‘ముఝే దో కిలో టమాటర్ చాహియే.’ దుకాన్‌దార్ టమాటర్ తౌల్‌తా హై. మీనా సౌ రుప్‌యే దేతీ హై. దుకాన్‌దార్ చాలీస్ రుప్‌యే వాపస్ దేతా హై.”

మీ వాక్యంలోని “దుకాన్‌దార్ కో పూఛ్‌తీ హై” తెలుగు అలవాటు నుండి వచ్చినది. మనం “దుకాణదారుణ్ణి అడుగుతుంది” అంటాం కనుక “కో” పెట్టాలనిపిస్తుంది, కాని హిందీలో అడగడానికీ, ఒకరితో చెప్పడానికీ “సే” వస్తుంది. “ముఝే చాహియే” మాత్రం మనకు వరమే. “నాకు కావాలి” అన్న మన వాక్యం లాగే నడుస్తుంది కనుక దానికి వివరణ కూడా అక్కరలేదు.

రైల్వేక్వార్టర్స్: ఇవన్నీ చదవడానికి బాగానే ఉన్నాయి గాని, బజారులో పనికిరావు. మా కుటుంబం బదిలీ మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు నేను కూరల బండి దగ్గర పుస్తకంలోని వాక్యాన్నే అప్పజెప్పాను. అమ్మేవాడికి అర్థమైంది గాని, పక్కనున్న ఆడవాళ్లందరూ “ఆలూ కైసే దియే?”, అంటే ఆలూ ఎలా ఇచ్చావు, అని ధర అడుగుతున్నారు. అక్కడ ఎలా బేరమాడాలో చెప్పే వాక్యాలే ముందు నేర్పండి. ఇంకో మాట, “కాసేపట్లో వస్తాను” అనడానికి వాళ్లు “అభీ ఆతా హూఁ” అంటారు. మరి భవిష్యత్తుకు ఈ రూపం రాదని ఎలా అంటారు?

వర్ణక్రమం: “అభీ ఆతా హూఁ” విషయంలో మీరు చెప్పినది నిజమే. ఈ క్షణమే లేచి చేసే పనికి ఆ రూపం వాడతారు. రేపటి పనికి మాత్రం అలా వాడరు. ఆ తేడా మొదటి కథలో చెప్పనక్కరలేదు. ఇక “కైసే దియే” బజారులో ఎంతో సహజమైన మాటే గాని, రూపం భూతకాలానిది. దాన్ని కథలో పెట్టిన మరుక్షణం “దియా, దీ, దియే” ఎందుకు మారుతున్నాయన్న ప్రశ్న వస్తుంది. ప్రశ్న అడిగినవారు వర్తమానాన్నే ఎంచుకోవడంలోని లాభం అదే. సామాన్య భూతకాలానికి వెళ్తే సకర్మక క్రియల దగ్గర కర్త పక్కన “నే” వచ్చి పడుతుంది, క్రియ కర్తను వదిలి కర్మ వెంట పోతుంది. వర్తమానంలో ఆ బాధ లేదు.

రైల్వేక్వార్టర్స్: వ్యాకరణం చెప్పకుండా ఒక ముద్దగా నేర్పవచ్చు కదా! పిల్లలు అలాగే నేర్చుకుంటారు.

సందేహాలపుట్ట: నా సందేహం పట్టిక గురించి. ప్రతి నామవాచకం పక్కన పుంలింగం, స్త్రీలింగం అని రాస్తే సరిపోతుందా? మాకు అలా రాసిన పట్టికలను బట్టీ పట్టించారు, వాక్యం రాసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వర్ణక్రమం: గుర్తుకు రాకపోవడం సహజం. తెలుగులో మీనా వెళ్తుంది, బస్సూ వెళ్తుంది, లారీ కూడా వెళ్తుంది. హిందీలో “బస్ జాతీ హై”, “ట్రక్ జాతా హై”. వస్తువుకు ఆడ, మగ తేడా ఉంటుందన్న ఊహే మన నోటికి అలవాటు లేదు. అందుకే పేరు పక్కన ముద్ర వేయకుండా, ఒక విశేషణంతో కలిపి జంటగా ఇవ్వండి. “సస్తా టమాటర్, మహఁగీ భిండీ, బడీ దుకాన్, ఛోటీ థైలీ” అని చదివినవాడి చెవిలో లింగం కూడా మిగులుతుంది. అయితే విశేషణాన్ని చూసి ఎంచుకోవాలి. “ఖాలీ థైలీ” అని రాస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే “ఖాలీ” రెండు లింగాలకూ మారదు.

నమూనాలో “థైలా” అనకుండా “థైలీ” అన్నదీ కావాలనే. “థైలా” తరువాత “మేఁ” వస్తే “థైలే మేఁ” అని మారిపోతుంది, పట్టికలో వెతికేవాడికి ఆ మాట దొరకదు. అలాగే ధరకు “దామ్”, “కీమత్” రెండూ ఒకే కథలో పెట్టకండి. మొదటిది పుంలింగం, రెండోది స్త్రీలింగం కనుక “కిత్‌నా”, “కిత్‌నీ” రెండూ కలగాపులగమవుతాయి.

కొత్తవంతెన: “దహీ” సంగతి ఏమిటి? నిఘంటువులో పుంలింగమని ఉంది, కాని “దహీ ఖట్టీ హై” అనేవాళ్లను చాలామందిని విన్నాను.

వర్ణక్రమం: రెండూ వినిపిస్తాయి. రాతలో పుంలింగమే ప్రమాణం. మొదటి కథలో పెరుగు కొనకుండా ఉంటే గొడవే ఉండదు.

పలకాబలపం: “కో”ను “సే”గా మార్చి, ఫోను సంభాషణ చేర్చాను. అంకెలను మీరు చూపినట్లే తీస్, చాలీస్, సౌ వంటి వాటికే పరిమితం చేస్తున్నాను, ఎందుకంటే హిందీలో నూరు లోపు అంకెలు దేనికది విడిగా నేర్చుకోవలసినవే. “కైసే దియే” మాత్రం కథలో కాకుండా, పట్టిక అడుగున విడిగా ఒక్క వరుసగా పెడదామని ఉంది.

వర్ణక్రమం: పట్టికలోనూ వద్దనే నా మాట.

రైల్వేక్వార్టర్స్: తప్పక పెట్టండి. బజారుకు వెళ్లినవాడికి మొట్టమొదట వినబడేది అదే.