చార్జ్‌ను కదిపినప్పుడు చేసిన పనికి గుర్తు ప్లస్సా, మైనస్సా?

ఒక లెక్క దగ్గర ఆగిపోయాను, కాస్త చూసి చెప్పండి. +2 μC, −2 μC చార్జ్‌లు 0.6 మీటర్ల దూరంలో ఉన్నాయి. వాటి సరిగ్గా మధ్య బిందువు M. +2 μC నుంచి 0.1 మీ. దూరంలో, అదే గీత మీద, M వైపు C ఉంది. +1 μC చార్జ్‌ను M నుంచి C కి నెమ్మదిగా జరిపితే చేసిన పని ఎంత?

M దగ్గర రెండు పొటెన్షియల్‌లూ కొట్టేసుకుని V = 0 అవుతుంది. కానీ ఫీల్డ్ మాత్రం సున్నా కాదు, 4 × 10⁵ N/C వస్తోంది. ఇంతవరకూ పేచీ లేదు.

C దగ్గర 18000/0.1 − 18000/0.5 = 144000 V. కాబట్టి W = q(V_C − V_M) = 0.144 J. కానీ పుస్తకం వెనక జవాబు −0.144 J అని ఉంది!

M దగ్గరి బలాన్ని 0.2 మీ. దూరంతో గుణిస్తే 0.08 J మాత్రమే వస్తుంది. C వైపు వెళ్లేకొద్దీ ఫీల్డ్ పెరుగుతుంది కాబట్టి ఆ తేడా అర్థమైంది.

తేలనిది గుర్తే. ప్లస్ చార్జ్ వైపు నెట్టేది మనం కాబట్టి మన పని ప్లస్, ఫీల్డ్ చేసే పని మైనస్ అనుకుంటున్నాను. అది సరైనదేనా? పని ఎవరిదో ప్రశ్నలో చెప్పనప్పుడు పరీక్షలో ఏది రాయాలి?